గానుగ పెట్టాం, వార్త రాలేదు: విలేకరికి రాసిన సందేశాల డైరీ

కదిరి దగ్గర మా వదిన ఒక కర్ర గానుగ పెట్టింది. దిరిసెన కర్ర రోలు, మోటారుతో తిరిగే రోకలి. రైతులు తమ వేరుశనగ తామే తెచ్చుకుని, ఆడించుకుని, నూనె, నూనె తీశాక మిగిలే చెక్క రెండూ పట్టుకెళ్లవచ్చు. మేము కూలి మాత్రమే తీసుకుంటాం. దీని గురించి పత్రికలో వార్త వచ్చేలా చూడటం నా వంతు పని. అక్టోబర్ 28న మొదలుపెడితే డిసెంబర్ 2న వార్త వచ్చింది. అది కూడా ఒక తప్పుతో వచ్చింది. చిన్న వ్యాపారం పెట్టి విలేకరికి రాయాలనుకునేవారికి పనికొస్తుందని రాసుకున్నది రాసుకున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాను.

దశ 1: ప్రెస్ నోట్ (అక్టోబర్ 28–31)

ప్రారంభోత్సవం అక్టోబర్ 31న. మూడు రోజుల ముందు నేను చేసినవి ఇవి.

1. టైపింగ్ సెంటర్‌లో ఒక పేజీ ప్రెస్ నోట్ చేయించాను. శీర్షిక: "కదిరిలో కర్ర గానుగ నూనె కేంద్రం ఘనంగా ప్రారంభం".
2. దాన్ని పీడీఎఫ్‌గా తీసుకున్నాను.
3. ఒక బంధువు దగ్గర దొరికిన 14 మంది విలేకరుల నంబర్లతో వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా చేసి పంపాను.

ఈ మూడు పనుల్లోనూ తప్పు ఉంది. వెనక నుంచి మొదలుపెట్టి చెబుతాను.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ సందేశం మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే చేరుతుంది. 14 మందిలో చాలామందికి నేనెవరో తెలియదు, కాబట్టి వారి ఫోనులో నా నంబరు ఉండే అవకాశం లేదు. మరునాడు ఉదయం బ్రాడ్‌కాస్ట్ సందేశం మీద వేలు నొక్కి వివరాలు చూస్తే ఐదుగురికే చేరినట్టు ఉంది. మిగిలిన తొమ్మిది మందికి నేను పంపిన సంగతే తెలియదు. వారు పట్టించుకోలేదని ఒక రోజంతా బాధపడ్డాను. నిజానికి వారి దాకా వెళ్లనే లేదు.

రెండోది పీడీఎఫ్. టైపింగ్ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టారు. చూడటానికి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి ఫోనులో అతికిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. మండల విలేకరి ఎక్కువ పని ఫోనులోనే చేస్తాడు. నా నోట్ వాడుకోవాలంటే మొత్తం మళ్లీ టైపు చేసుకోవాలి. పది నిమిషాల పని అని మనకు అనిపించవచ్చు, కానీ రోజుకు ఇలాంటి నోట్లు ఎన్నో వచ్చే మనిషికి అది పక్కన పెట్టేయడానికి చాలినంత కారణం.

మూడోది, అన్నిటికంటే పెద్దది, విషయం. జవాబిచ్చిన ఒక్క విలేకరి మర్యాదగానే చెప్పాడు. "అమ్మా, దుకాణం తెరవడం వార్త కాదు. మీకు కావాలంటే ప్రకటన ఇవ్వండి, రేటు పంపిస్తాను." అప్పుడు కోపం వచ్చింది. మండల విలేకరులకు ప్రకటనల సేకరణ కూడా పనిలో భాగమన్నది ఎవరూ దాచే విషయం కాదు, అందుకే అలా అన్నాడని అనుకున్నాను. తర్వాత నా నోట్ నేనే చదివితే అతను అన్నది నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది. పేజీలో ముప్పాతిక భాగం ముఖ్య అతిథుల పేర్లు. మిగిలినది "స్వచ్ఛమైన", "ఆరోగ్యకరమైన", "నాణ్యమైన".

నేను ఎంచుకున్న రోజు కూడా చెడ్డదే. అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను కోస్తాలో తీరం దాటింది. ఆ వారం పత్రికలన్నీ అదే రాశాయి. కానీ తుపాను లేకపోయినా ఆ నోట్ వచ్చేది కాదు. అందుకని దాని మీద నెట్టేయడం లేదు.

*ఇప్పటికి మొత్తం: పంపినవి 14, చేరినవి 5, జవాబులు 1, వచ్చినవారు 0. ఖర్చు ₹350 (టైపింగ్, ప్రింట్లు).*

దశ 2: పేజీలు చదవడం (నవంబర్ 1–8)

ఎనిమిది రోజులు మూడు దినపత్రికలు కొన్నాను. జిల్లా పేజీలు మాత్రమే విడదీసి, చిన్న వ్యాపారాల గురించి, రైతుల గురించి వచ్చిన ప్రతి వార్తను కత్తిరించి నోటుబుక్కులో అతికించాను. ఒక్కోదాని పక్కన రెండే రాశాను: దీన్ని ఎవరు రాశారు, మొదటి వాక్యంలో ఏముంది.

దీనివల్ల రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, మొదటి వాక్యంలో దుకాణం పేరు ఉన్న వార్త ఒక్కటీ లేదు. ఒక మనిషి ఉన్నాడు, లేదా ఒక అంకె ఉంది, లేదా ఒక మార్పు ఉంది. దుకాణం పేరు మూడో పేరాలోనో నాలుగో పేరాలోనో వస్తుంది. రెండు, మూడు పత్రికల్లో ఒకదాంట్లో మా మండలం నుంచి వ్యవసాయం మీద వరుసగా రాస్తున్న విలేకరి ఒకరున్నారు. ఎనిమిది రోజుల్లో నాలుగు వార్తలు. అందులో ఒకటి వేరుశనగ ధర మీద. నేను 14 మందికి పంపిన జాబితాలో ఆయన పేరు లేదు.

ఇంకో చిన్న విషయం, మా ప్రాంతం వారికి ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక కదిరి అనంతపురంలో లేదు, శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పాత అలవాటుతో నా జాబితాలో సగం మంది అనంతపురం వాళ్లే. మా వార్త వేసే పేజీ వారి చేతిలో లేదు.

ఆ రోజుల్లోనే కోణం వెతకడానికి ఒక పరీక్ష పెట్టుకున్నాను. నోట్‌లోంచి మా గానుగ పేరు, వదిన పేరు కొట్టేసి మిగిలినది చదవాలి. మా ఊరివాడు కాని రైతుకు అందులో తెలుసుకోదగినది ఏమైనా మిగిలిందా? పాత నోట్‌లో ఏమీ మిగల్లేదు.

మొదట తట్టిన కోణం: "వేరుశనగ పండించే రైతు కాయలు అమ్మేసి ప్యాకెట్ నూనె కొంటున్నాడు, ఇక తన నూనె తానే చవకగా తీసుకోవచ్చు." చాలా బాగుందనుకున్నాను. లెక్క వేసేవరకు.

*ఇప్పటికి మొత్తం: పంపినవి 14, జవాబులు 1. ఖర్చు ₹530 (పత్రికలకు ₹180 కలిపి).*

దశ 3: కొలతలు, కూలిపోయిన కోణం (నవంబర్ 4–9)

గానుగ అమ్మినవారు 10 కిలోల పప్పుకు 5 లీటర్లు వస్తుందని చెప్పారు. నా మొదటి నోట్‌లో అదే రాశాను. విలేకరి వచ్చి ఎదురుగా కొలిస్తే ఏమవుతుందన్న భయంతో ముందు మేమే కొలిచాం. 10 కిలోల చొప్పున ఆరు వాయలు. పప్పును, చెక్కను డిజిటల్ కాటా మీద తూచాం. నూనెను రెండు రోజులు స్టీలు పాత్రలో తేర్చి, మడ్డి తీశాక లీటరు కొలతతో కొలిచాం.

వచ్చినవి వరుసగా: 3.8, 4.1, 4.0, 3.7, 4.1, 4.1 లీటర్లు. సగటున నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ. నాలుగో వాయలో తగ్గడానికి కారణం తెలుసు, ఆ పప్పు సరిగా ఎండలేదు. లీటరు వేరుశనగ నూనె బరువు సుమారు 910 గ్రాములు కాబట్టి, 10 కిలోల పప్పులో నూనె 3.6 కిలోలు, చెక్క 6.1 కిలోలు, తరుగు 300 గ్రాములు. ఈ మూడూ కలిపితే పది రావాలి. రాకపోతే కొలతలో ఎక్కడో పొరపాటు ఉందని అర్థం. మొదటి వాయలో ఇలాగే కలవకపోతే చూశాం, పాత్ర బరువు తీసేయడం మరిచిపోయాం.

రైతు పప్పుతో లెక్క పెట్టడు, బస్తాతో పెడతాడు. 40 కిలోల కాయల బస్తా ఒలిస్తే మాకు 28 కిలోల పప్పు వచ్చింది. అంటే బస్తాకు 11 లీటర్ల నూనె, 17 కిలోల చెక్క.

ఇక చవక సంగతి. 2025–26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు ₹7,263. ఆ లెక్కన బస్తా విలువ ₹2,905. ఒలిపించడం, ఆడించడం కలిపి మా కూలి పప్పు కిలోకు ₹20, మొత్తం ₹560. చెక్క కిలో ₹35 చొప్పున అమ్ముకుంటే ₹595 వెనక్కి వస్తుంది. మిగిలిన ₹2,870ని 11 లీటర్లకు పంచితే లీటరు ₹261 పడుతుంది. మా వీధి దుకాణంలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ₹160 లోపే ఉంది.

చవక కాదు. నా కోణం అక్కడితో పోయింది. వదినకు కాగితం చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది విలేకరి కనిపెట్టే ముందు మనకే తెలిసింది, మంచిదే" అంది. ఈ లెక్క వేయకుండా "చవక నూనె" అని రాసి ఉంటే ఏ కిరాణా కొట్టు యజమాని అయినా రెండు నిమిషాల్లో తప్పని తేల్చేవాడు. ఆ విలేకరి మళ్లీ మా ఫోను ఎత్తేవాడు కాదు.

మరి నిజంగా కొత్త ఏముంది? ఇది అనుకోకుండా దొరికింది. కొలతల కోసం ప్రతి వాయకు నేను ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాస్తున్నాను: పప్పు, నూనె, చెక్క, తరుగు. ఆడించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆ కాగితం తనకు కావాలని అడిగాడు. ఎందుకని అడిగితే, "ఇన్నేళ్లలో ఏ మిల్లువాడూ నాకు లెక్క చూపలేదమ్మా, ఇచ్చింది తెచ్చుకున్నాను" అన్నాడు. మరునాడు ఇంకొకరు అడిగారు. అప్పుడు అర్థమైంది, వార్త నూనెలో లేదు, ఆ చీటీలో ఉంది. తన పంటలోంచి ఎంత నూనె వచ్చిందో, ఎంత తరుగు పోయిందో రైతు చేతికి రాసి ఇవ్వడం. గానుగ పేరు కొట్టేసినా ఆ మాట నిలబడుతుంది.

₹400 పెట్టి నంబర్లు వేసిన చీటీ పుస్తకాలు అచ్చు వేయించాం.

నోట్‌లోంచి ఇంకో మాట కూడా తీసేశాను: "కొలెస్ట్రాల్ లేని నూనె". వంట నూనె ఏ గింజదైనా చెట్టు నుంచి వచ్చిందైతే అందులో చెప్పుకోదగినంత కొలెస్ట్రాల్ ఉండదు. మన నూనెకే ఉన్న గుణంలా చెప్పడం పాఠకుణ్ని పక్కదారి పట్టించడమే. ఆహార పదార్థాల ప్రచారంలో చెప్పే గుణాల మీద 2018 నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు కూడా ఉన్నాయి.

*ఇప్పటికి మొత్తం: కొలిచిన వాయలు 6, ఇచ్చిన చీటీలు 9. ఖర్చు ₹930.*

దశ 4: ఒకే ఒక్కరికి (నవంబర్ 10–13)

ఈసారి ఒకే విలేకరికి, వ్యవసాయం రాసే ఆయనకు. పంపే ముందు ఉదయం 11.30కు ఫోన్ చేశాను. సాయంత్రం నాలుగు దాటాక వారు వార్తలు పంపే హడావిడిలో ఉంటారు, ఆ సమయంలో చేయకూడదు. ఫోనులో రెండే మాటలు చెప్పాను: ఆయన రాసిన ధరల వార్త చదివానని, వేరుశనగ రైతులకు మేము ఇస్తున్న తూకం చీటీ గురించి వాట్సాప్‌లో పది వాక్యాలు పంపవచ్చా అని. "పంపండి" అన్నారు. ఇక నా నంబరు ఆయనకు కొత్త కాదు.

నవంబర్ 13 ఉదయం వస్తానన్నారు. వచ్చారు. ఆ రోజు జరిగింది ఇది.

1. ఉదయం 9.40కి వచ్చారు. 9.30కి లైను మరమ్మతుల కోసం కరెంటు తీశారు. గానుగ ఆగి ఉంది.
2. మాట్లాడతానన్న రైతు కాయలు అమ్మడానికి మార్కెట్ యార్డుకు వెళ్లిపోయాడు. నేను అతనికి "గురువారం" అని చెప్పాను, ఎన్ని గంటలకో చెప్పలేదు.
3. వదిన మాట్లాడింది గానీ, చీటీలు ఎన్ని ఇచ్చామని అడిగితే ఇద్దరం రెండు అంకెలు చెప్పాం. ఆమె అన్నది 12, నేను అన్నది 15. నేను ఆ రోజు ఉదయం ఇచ్చినవి కలిపాను.

ఆయన 20 నిమిషాలు కూర్చుని, టీ తాగి, వెళ్లిపోయారు. ఫోటో లేదు, రైతు లేడు. వార్త రాలేదు.

"ఇంటర్వ్యూకు ఎప్పుడైనా సిద్ధం" అని సందేశంలో రాశాను. ఆ మాటకు అర్థం లేదని ఆ రోజు తెలిసింది. విలేకరికి మనం ఖాళీగా ఉండటం సరిపోదు. యంత్రం తిరుగుతూ ఉండాలి, రైతు ఉండాలి, వెలుతురు ఉండాలి, ఈ మూడూ ఒకే గంటలో ఉండాలి.

సాయంత్రం ఏడు తర్వాత క్షమించమని రాశాను. జరిగినదానికి కారణాలు రాయలేదు, మళ్లీ వస్తే ఏమేమి సిద్ధంగా ఉంటాయో రాశాను. ఆయన జవాబు: "23 దాకా కుదరదు." అది సాకు కాదు. నవంబర్ 23న పుట్టపర్తిలో సత్యసాయి శత జయంతి. మా జిల్లా కేంద్రమే పుట్టపర్తి. ఆ పది రోజులు జిల్లాలో విలేకరులు, పేజీలు అన్నీ అటే. నేను క్యాలెండర్ చూసుకుని ఉంటే నవంబర్ 25కు ముందు అడిగి ఉండేదాన్నే కాదు.

*ఇప్పటికి మొత్తం: పంపినవి 16 (క్షమాపణతో కలిపి), జవాబులు 3, వచ్చినవారు 1, వార్తలు 0. ఖర్చు ₹930.*

దశ 5: మళ్లీ రాసిన సందేశం (నవంబర్ 25)

ఖాళీ దొరికిన పన్నెండు రోజుల్లో సందేశం ఏడుసార్లు తిరగరాశాను. ఫోను తెరపై ఒకసారి జరిపితే అయిపోయేంత పొడవు ఉండాలని పెట్టుకున్నాను. యూనికోడ్‌లో, నేరుగా వాట్సాప్‌లోనే టైపు చేశాను. పంపింది ఇది:

> సార్, నమస్కారం. గతంలో మీరు వచ్చిన గానుగ గురించి.
>
> కదిరి మండలంలో వేరుశనగ ఆడించుకునే రైతులకు తూకం చీటీ ఇస్తున్నాం. పోసిన పప్పు, వచ్చిన నూనె, చెక్క, తరుగు నాలుగూ రాసి, రైతు ఎదుటే తూచి ఇస్తాం. నిన్నటికి 41 మందికి ఇచ్చాం, నకళ్లు మా దగ్గర ఉన్నాయి.
>
> బస్తా కాయలకు 11 లీటర్ల నూనె వస్తోంది, మూడు బస్తాలు పక్కన పెట్టుకుంటే నలుగురున్న ఇంటికి ఏడాదికి 33 లీటర్లు. ఇది ప్యాకెట్ నూనె కంటే చవక కాదు, లీటరు ₹261 పడుతుంది. లెక్క కాగితం పంపగలను.
>
> మాట్లాడేవారు: గానుగ నడిపే మా వదిన, ఇద్దరు రైతులు, పేరు, ఫోటో వేయడానికి ఒప్పుకున్నారు.
>
> బుధ, గురు, శుక్రవారాల్లో ఉదయం 7.30 నుంచి 10 వరకు గానుగ తిరుగుతుంది, రైతులు అక్కడే ఉంటారు. 8 నుంచి 9 వరకు తలుపు వైపు నుంచి వెలుతురు బాగుంటుంది. ఫోనులో అయితే ఏ రోజైనా సాయంత్రం 7–9.
>
> ఈ వివరాలు డిసెంబర్ 3 వరకు వేరే పత్రికకు ఇవ్వను.

చవక కాదని మనమే ఎందుకు రాయాలని వదిన అడిగింది. విలేకరి ఎలాగూ అడిగే మొదటి ప్రశ్న అదే. ముందే చెబితే మిగిలిన అంకెలను నమ్ముతాడని నా ఉద్దేశం. ఇది పనిచేసిందని తర్వాత ఆయన మాటల్లోనే తెలిసింది.

చివరి వాక్యం గురించి ఒక మాట. తేదీ లేకుండా "మీకే ఇస్తున్నాం" అనడం అన్యాయం. ఆయన వేయకపోతే మనం నెలల తరబడి ఎదురుచూడాలి. తేదీ పెడితే ఇద్దరికీ స్పష్టత.

ఈ సందేశంలో ఒక వాక్యం పెద్ద తప్పు. అప్పటికి నాకు కనిపించలేదు. దశ 7లో వస్తుంది.

*ఇప్పటికి మొత్తం: పంపినవి 17, జవాబులు 4 ("గురువారం వస్తాను"). ఖర్చు ₹930.*

దశ 6: రెండో రాక (నవంబర్ 27)

ముందురోజు సాయంత్రం చేసినవి:

1. కరెంటు కోత ఉందేమో లైన్‌మన్‌ను అడిగాం. లేదన్నారు. అయినా ఒక వాయ ఉదయం 7కే మొదలుపెట్టాలని అనుకున్నాం, మధ్యలో పోయినా రోట్లో నూనె కనిపిస్తుంది.
2. రైతులిద్దరికీ రోజుతోపాటు గంట కూడా చెప్పాం. ఒకరు రాకపోయినా ఒకరు ఉంటారు. ఇద్దరినీ వారి ఆడింపు పనికే రమ్మన్నాం, ఫోటో కోసం నిలబడటానికి కాదు.
3. అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాం. అడిగితే ఇద్దరం ఆ కాగితం చూసే చెప్పాలి.

ఆయన 8.10కి వచ్చి గంటన్నర ఉన్నారు. ఎక్కువసేపు రైతుతోనే మాట్లాడారు. నేను మధ్యలో రెండుసార్లు కల్పించుకుని, తర్వాత ఊరుకున్నాను. రైతు తన మాటల్లో చెప్పిందే చివరికి అచ్చులో వచ్చింది.

మేము సిద్ధం చేసుకోని ప్రశ్న ఒకటి అడిగారు: "ఏడాది నూనె ఒకేసారి ఆడిస్తే కంపు కొట్టదా?" మంచి ప్రశ్న. వదిన తడుముకోకుండా జవాబు చెప్పింది. దాచుకోవలసింది నూనె కాదు, కాయ. గలగలలాడేలా ఎండిన కాయను పొట్టుతో దాచి, రెండు నెలలకు ఒకసారి కావలసినంతే ఒలిచి ఆడించుకోవాలి. చెమ్మ తగిలి బూజు పట్టిన గింజలుంటే ఏరిపారేయాలి, ఆ బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. ఇది నా సందేశంలో లేకపోవడం లోపమే. ఏడాది నూనె అని రాసినవాళ్లు ఆ ఏడాది ఎలా గడుస్తుందో కూడా రాయాలి.

ఫోటోలు ఆయన తీసుకున్నారు. మావి కూడా రెండు అడిగారు. మామూలుగా వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం "పెద్దవి పంపండి" అని వచ్చింది. చూస్తే ఫోనులో 4000 పిక్సెళ్ల పొడవున్న ఫోటో అటువైపు 1600కు కుదించుకుపోయి చేరింది. పత్రిక అచ్చుకు అంగుళానికి 200 పిక్సెళ్లయినా కావాలి. నాలుగు అంగుళాల ఫోటోకు 800 చాలు, అంటే కుదించినది కూడా సరిపోయేది. కానీ టాబ్లాయిడ్ పేజీ అడ్డంగా నిండేలా వేయాలంటే పది అంగుళాలు, 2000 పిక్సెళ్లు. అప్పుడు చాలదు. అవే ఫోటోలను 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరాయి. రెండూ నిలువు ఫోటోలే కావడం ఇంకో పొరపాటు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉండాలి, పేజీలో ఏ ఖాళీ ఉంటుందో మనకు తెలియదు.

వెళ్లేటప్పుడు వదిన ఒక లీటరు నూనె సీసా ఇవ్వబోయింది. ఆయన తీసుకోలేదు. "కొనుక్కుంటాను, కానీ వార్త వచ్చాక" అన్నారు. ఇవ్వకుండా ఉండాల్సింది. ఇంటికి వచ్చినవారిని ఉత్తి చేతులతో పంపకూడదని మన అలవాటు, కానీ ఆ సీసా ఆయన వార్త మీద మచ్చ అవుతుంది. టీ దగ్గర ఆగాలి.

వార్త వేసే ముందు చూపించమని నేను అడగలేదు. అది అడగకూడని కోరిక. "అంకెల్లో సందేహం ఉంటే ఏ సమయమైనా ఫోన్ చేయండి" అని మాత్రం చెప్పాను.

*ఇప్పటికి మొత్తం: వచ్చినవారు 2 సార్లు, వార్తలు 0. ఖర్చు ₹1,010 (టీ, టిఫిన్లు).*

దశ 7: వచ్చింది, తప్పుతో (డిసెంబర్ 2–8)

డిసెంబర్ 2న జిల్లా పేజీలో, సగం పేజీ. పెద్ద ఫోటోలో రైతు చేతిలో చీటీ. మా గానుగ పేరు నాలుగో పేరాలో. మొదటి వాక్యం రైతుది. అంతా మేము కోరుకున్నట్టే, ఉపశీర్షిక తప్ప. అందులో "బస్తా కాయలకు 33 లీటర్ల నూనె" అని ఉంది.

ఉదయం 6.50కి మొదటి ఫోను. ధర్మవరం వైపు రైతు. "33 లీటర్లు ఎట్లా తీస్తారమ్మా, మా దగ్గర పదకొండే వస్తుంది" అన్నాడు. అతనికే లెక్క తెలుసు. తెలియనివారు నమ్మి కాయలు తెస్తే ఏమిటన్నది నా భయం.

విలేకరికి ఫోన్ చేస్తే ఆయన పంపిన కాపీ చదివి వినిపించారు. అందులో సరిగానే ఉంది. ఉపశీర్షిక పత్రిక ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌లో పెడతారు, విలేకరి చేతిలో ఉండదు. కానీ తప్పు నాదీ. సందేశంలో "బస్తా", "11", "మూడు బస్తాలు", "33" నాలుగూ ఒకే వాక్యంలో కుక్కాను. ఆయన దాన్నే వార్తలోకి తీసుకున్నారు. రాత్రి పేజీ పెట్టే మనిషి ఆ వాక్యం మొదలు, చివర పట్టుకుని చిన్నది చేశాడు.

అదే రోజు చేసినవి:

1. తప్పు వాక్యం, సరైన వాక్యం రెండే వరసల్లో విలేకరికి పంపాను. నింద లేదు, వివరణ లేదు.
2. సాయంత్రానికి ఇంటర్నెట్ ఎడిషన్‌లో సరిచేశారు. అచ్చులో సవరణ రాలేదు.
3. గానుగ గుమ్మం దగ్గర పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాం: "బస్తా (40 కిలోల కాయలు) = సుమారు 11 లీటర్లు. పత్రికలో 33 అని వచ్చింది పొరపాటు."

ఇప్పుడు ఆ వాక్యాన్ని మూడు చేశాను: "ఒక బస్తా కాయలకు 11 లీటర్ల నూనె వస్తోంది. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్ల లోపు చాలు. అందుకే మూడు బస్తాలు పక్కన పెట్టుకోమని రైతులకు చెబుతున్నాం." 33 అనే అంకె ఇక ఎక్కడా లేదు. ఏ వాక్యాన్ని ఎక్కడ కోసినా తప్పు అర్థం రాకుండా ఉండేవరకు తిరగరాశాను.

ఏడు రోజుల్లో వచ్చిన ఫోన్లు 43. అందులో 19 నూనె ధర అడిగి పెట్టేసినవి. 6 గానుగ ఎక్కడ కొన్నారని అడిగినవి. 7 ఆ 33 గురించి. మిగిలిన 11 మంది కాయలు తెచ్చారు. వారిలో నలుగురు వేరే మండలాల వాళ్లు. 43కు 11 అంటే తక్కువే అనిపించింది. కానీ ఆ 11 మందీ వచ్చీ రాగానే చీటీ అడిగారు.

*ఇప్పటికి మొత్తం: పంపినవి 18, వార్తలు 1, ఫోన్లు 43, కాయలతో వచ్చినవారు 11. ఖర్చు ₹1,460 (బోర్డు ₹450 కలిపి).*

దశ 8: రెండో పత్రికకు (డిసెంబర్ 9)

ఒప్పుకున్న గడువు దాటింది. ఇంకో పత్రిక మహిళల పేజీకి రాశాను. అదే వార్త మళ్లీ పంపితే "ఇప్పటికే వచ్చింది కదా" అంటారు. కోణం మార్చాను: కాటా దగ్గర నిలబడి, మగ రైతులతో తరుగు గురించి వాదించి, లెక్క ఒప్పించే ఆడమనిషి. మొదటి నెలలో ముగ్గురు రైతులు వదినను నమ్మక, తమ సొంత కాటా తెచ్చుకుని తూచారు. ముగ్గురిలో ఇద్దరు మళ్లీ వచ్చారు. ఆ ఇద్దరినీ అడిగి, ఒప్పుకున్నాకే వారి సంగతి రాశాను. జిల్లా పేజీలో వార్త వచ్చిందని కూడా మొదటి పేరాలోనే చెప్పాను, తర్వాత తెలిస్తే దాచామనుకుంటారు.

సంక్రాంతి ముందు వారం పిండివంటల కోసం నూనె ఆడింపులు పెరుగుతాయి, అప్పుడు వస్తే గానుగ దగ్గర జనం ఉంటారని తేదీలు ఇచ్చాను: జనవరి 5 నుంచి 10, ఉదయం 7.30–10. ఫోటోలు రెండు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు, డాక్యుమెంట్‌గా.

రెండు టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు. డిసెంబర్ 12న ఉదయం 11.30కు ఒక్కసారి ఫోన్ చేస్తాను.

*ఇప్పటికి మొత్తం: పంపినవి 19, వార్తలు 1, ఎదురుచూస్తున్నవి 1. ఖర్చు ₹1,460.*